మూడో కీలు దగ్గర అర డిగ్రీ

ఆరు కీళ్ల వెల్డింగ్ రోబో చేయితో ఐదేళ్లు పనిచేసి, ఉద్యోగం మారేటప్పుడు నా చోటికి వచ్చే కుర్రాడి కోసం మూడు పేజీల హ్యాండోవర్ నోట్ రాసి కంట్రోలర్ తలుపు లోపలివైపు అంటించాను. అందులో సగానికి పైగా ఒకే సంగతి: ఆ చేయి తన సున్నా మరిచిపోతే ఏం చేయాలి?

ప్రతి కీలును తిప్పే మోటారుకు ఎన్‌కోడర్ ఉంటుంది. మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో అదే లెక్కపెడుతుంది. కరెంటు లేనప్పుడు ఆ లెక్క చెరిగిపోకుండా చేయి అడుగున ఉన్న బ్యాటరీలు కాపాడతాయి. అవి అయిపోతే కీళ్లు ఏ కోణంలో ఉన్నాయో కంట్రోలర్‌కు తెలియదు. అందుకే నోట్‌లో మొదటి మాట: ‘బ్యాటరీలు ఏడాదికోసారి మార్చు. కంట్రోలర్ ఆన్‌లోనే ఉంచి, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి మార్చు.’ ఏ రిపేరుకైనా ముందు మెయిన్ ఆపడం మనకు అలవాటు. ఇక్కడ అలా ఆపి బ్యాటరీలు తీస్తే లెక్కంతా పోతుంది.

పోయిందనుకోండి. పెండెంట్ చేతిలో పట్టుకుని ఒక్కో కీలునూ మెల్లగా తిప్పి, దాని రెండు వైపులా చెక్కిన గీతలు కలిసేచోట ఆపాలి. గీతకు ఎదురుగా నిలబడి చూడాలి. పక్కనుంచి చూస్తే కలవకపోయినా కలిసినట్టే కనిపిస్తుంది. గేర్లలో కాస్త వదులు ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకే వైపు నుంచి గీత దగ్గరికి రావాలి. ఆ స్థానాన్ని సున్నాగా సేవ్ చేయాలి.

మా చేయికి ఇది చాలదు. ఒకసారి చేయి ఫిక్స్చర్‌కు గుద్దుకుని మూడో కీలు మీది గీతల పలక ఊడింది. తిరిగి బిగించినప్పుడు అది కొంచెం జరిగిందని ఎవరూ గమనించలేదు. ఆ తర్వాత బ్యాటరీలు అయిపోయి, గీతలు కలిపి సున్నా పెడితే, ముంజేయి అడ్డంగా చాచినప్పుడు టార్చ్ కొన అతుకుకు 7 మిల్లీమీటర్లు కిందికి దిగింది. ముందు టార్చ్ వంగిందేమోనని తీసి గేజ్‌లో పెట్టి చూశాం, తిన్నగానే ఉంది. మూడో కీలు నుంచి టార్చ్ కొనకు 800 మిల్లీమీటర్లు. అంత దూరంలో 7 మిల్లీమీటర్లంటే దాదాపు అర డిగ్రీ.

అప్పటికే ఒక షిఫ్టు వాళ్లు ప్రోగ్రాంలో పాయింట్లను ఒక్కొక్కటే దిద్దడం మొదలుపెట్టారు. నేను ఆపించాను. తప్పు సున్నా మీద దిద్దిన పాయింట్లన్నీ సున్నా సరిచేసిన రోజున మళ్లీ తప్పుతాయి. సున్నా సరిగ్గా ఉన్నప్పుడే బల్ల మీద దగ్గర ఒకటి, దూరంగా ఒకటి మొనదేలిన పిన్నులు పాతి, వాటి స్థానాలు సేవ్ చేసి పెట్టుకున్నాం. మూడో కీలును అర డిగ్రీ పైకి జరిపి సున్నా పెట్టాక కొన రెండు పిన్నుల మీదా నిలిచింది. ఒక్క పిన్ను దగ్గరే కలిస్తే తప్పు రెండో కీలుదీ కావచ్చు.

నోట్‌లో ఆ అర డిగ్రీ పక్కన కొలిచిన తేదీ వేశాను. పలకను ఎవరైనా మళ్లీ విప్పితే ఆ అంకె చెల్లదు. కొత్తది రాయడానికి కింద నాలుగు వరుసలు ఖాళీగా వదిలాను.