ఆపాడా, ఆగాడా?

షుగర్ ఉన్న ఒక పెద్దాయన డాక్టరుతో ఇంగ్లీషులో ‘ఐ స్టాప్డ్ టు ఈట్ స్వీట్స్’ అన్నారనుకుందాం. స్వీట్లు మానేశానని ఆయన ఉద్దేశం. ఆ వాక్యం చెప్పేది మాత్రం వేరు. వెళ్తున్నవాణ్ణి ఆగి మరీ స్వీట్లు తిన్నాను అని దాని అర్థం. ఆయన అనవలసింది ‘ఐ స్టాప్డ్ ఈటింగ్ స్వీట్స్’.

‘ఐ ఎంజాయ్ టు రీడ్’ అని ఎవరైనా అంటే, తప్పని వినేవాళ్లకు తెలిసిపోతుంది, చెప్పదలచుకున్నది కూడా అందుతుంది. స్టాప్ దగ్గర ఆ వెసులుబాటు లేదు. పెద్దాయన వాక్యంలో వ్యాకరణ దోషం వెతికినా దొరకదు. అనుకున్న మాట తప్పిపోయి దాని స్థానంలో ఇంకో ఒప్పు మాట కూర్చుంది. ఎంజాయ్, వాంట్, సజెస్ట్, స్టాప్ నాలుగింటినీ ఒకే పట్టికలో పెట్టి బట్టీ వేయిస్తుంటారు గానీ, ముందుగా పట్టించుకోవలసింది ఈ చివరిదాన్నే.

క్రియకు ‘ఇంగ్’ చేర్చి దాన్ని నామంలా వాడితే జెరండ్, ముందు ‘టు’ పెట్టి వాడితే ఇన్ఫినిటివ్. స్టాప్ తర్వాత జెరండ్ వస్తే అదే ఆగిపోయిన పని. ‘హి స్టాప్డ్ స్మోకింగ్’ అంటే పొగతాగడం మానేశాడు. ఇన్ఫినిటివ్ వస్తే ఆగిపోయిన పని ఇంకేదో. నడకో, బండి తోలడమో, మాట్లాడటమో వాక్యంలో కనిపించకుండా ఉండిపోతుంది. టు తర్వాతి ముక్క ఎందుకు ఆగాడో చెబుతుంది, అంతే. అనుమానం వస్తే టు ముందు ‘ఇన్ ఆర్డర్’ చేర్చి చూడండి. ‘హి స్టాప్డ్ ఇన్ ఆర్డర్ టు స్మోక్’ అన్నా అర్థం చెక్కుచెదరకపోతే అది కారణం చెప్పే టు. మన పెద్దాయన వాక్యానికి ఈ పరీక్ష పెడితే ‘స్వీట్లు తినేందుకు ఆగాను’ అని బయటపడుతుంది.

ఈ తేడా మనకు కొత్తది కాదు. ‘సిగరెట్ కాల్చడం ఆపాడు’, ‘సిగరెట్ కాల్చడానికి ఆగాడు’ అనే రెండు మాటల్ని తెలుగు తెలిసిన పిల్లలు కూడా కలగలపరు. ఆపు, ఆగు అని మనకు విడివిడిగా రెండు క్రియలున్నాయి. ఇంగ్లీషులో రెండింటికీ స్టాప్ ఒక్కటే కాబట్టి, తేడా చూపించే భారం పక్కనున్న మాట మీద పడింది. అందుకే మాట్లాడే ముందు మనసులో తెలుగు వాక్యాన్ని ఒకసారి అనుకుంటే చాలు. ‘డం’ వస్తే ఇంగ్, ‘డానికి’ వస్తే టు.

ఇక్కడ చూడవలసింది ఆ చివరి ముక్కనే, ఆగు, ఆపు అనే క్రియల్ని కాదు. ‘వాన కురవడం ఆగింది’ అంటాం. ఆగు ఉంది కదా అని టు పెడితే పప్పులో కాలేసినట్టే. ‘కురవడం’ అన్నాం కాబట్టి ‘ఇట్ స్టాప్డ్ రెయినింగ్’. పైగా ఈ కొండగుర్తు స్టాప్ వరకే పనికొస్తుంది. ‘చదవడం మొదలుపెట్టాడు’ అనే మాటకు ‘స్టార్టెడ్ రీడింగ్’ అన్నా ‘స్టార్టెడ్ టు రీడ్’ అన్నా ఇంగ్లీషు ఒప్పుకుంటుంది.

ఒకే వాక్యంలో రెండూ పక్కపక్కన కూడా రావచ్చు. ‘షి స్టాప్డ్ టాకింగ్ టు డ్రింక్ వాటర్’ అనే వాక్యంలో ఆగింది మాటలు, ఆగింది నీళ్ల కోసం. ఎవరి పని ఏదో ఇంత పొట్టి వాక్యంలోనూ స్పష్టంగా ఉంది.

ఈ టుకి ఇలాంటి అర్థం ఎలా వచ్చిందో తెలియాలంటే పాత ఇంగ్లీషు దాకా వెళ్లాలి. అప్పట్లో ఇన్ఫినిటివ్ ఒకే పదం. రాయడానికి ‘రీటన్’ లాంటి రూపం ఉండేది, దాని చివరి అక్షరాలే అది ఇన్ఫినిటివ్ అని చెప్పేవి. టు అనేది దిశను సూచించే మాట. ఫలానా పని వైపు, ఫలానా పని కోసం అనవలసినప్పుడే అది క్రియ ముందుకు వచ్చేది. కాలక్రమంలో క్రియల చివరి అక్షరాలు అరిగిపోయాయి, టు మాత్రం అతుక్కుపోయి ఇన్ఫినిటివ్‌కి గుర్తుగా మిగిలింది. కెన్, మస్ట్ లాంటివాటి పక్కన అది ఇప్పటికీ చేరలేదు. ‘ఐ కెన్ టు గో’ అనరు. ఇంగ్ మాత్రం పుట్టుకతోనే నామాలను తయారుచేసే ప్రత్యయం.

ఈ పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే వాంట్, ఎంజాయ్ వాటంతటవే సర్దుకుంటాయి. కోరిక ఇంకా జరగని పని వైపు చూస్తుంది కాబట్టి ‘ఐ వాంట్ టు రీడ్’. మనం ‘చదవాలని ఉంది’ అనే చోటు అది. ఆనందించాలంటే పని చేతిలో ఉండాలి, అది ఒక వస్తువులా నిలవాలి. అందుకే ‘ఐ ఎంజాయ్ రీడింగ్’. ఇంకొకరు చేయాలని కోరుకుంటే ఆ మనిషిని మధ్యలో పెట్టాలి: ‘ఐ వాంట్ హిమ్ టు కమ్’. ‘వాడు రావాలని’ అన్న మన వాక్యాన్ని మక్కికి మక్కి దించి ‘ఐ వాంట్ దట్ హి షుడ్ కమ్’ అంటే కుదరదు. బ్రిటన్‌లో ‘ది షర్ట్ వాంట్స్ వాషింగ్’ అని వినిపిస్తే కంగారు పడకండి. అక్కడ వాంట్ అంటే కోరిక కాదు, అవసరం. చొక్కాకు కోరికలేముంటాయి?

కోచింగ్ సెంటర్లలో ‘జరగబోయేదానికి టు, జరిగేదానికి ఇంగ్’ అని సూత్రంలా చెబుతుంటారు. చాలా దూరం పనిచేస్తుంది గానీ సజెస్ట్ దగ్గర చతికిలపడుతుంది. సలహా ఎప్పుడూ జరగబోయే పని గురించే, అయినా ‘సజెస్ట్ టు గో’ తప్పు, ‘సజెస్ట్ గోయింగ్’ ఒప్పు.

మనవాళ్లు ఎక్కువగా జారేది కూడా ఇక్కడే. ‘డాక్టరు గారు నన్ను నడవమన్నారు’ అనే మాట ‘ది డాక్టర్ సజెస్టెడ్ మి టు వాక్’ అయిపోతుంది. నడవమనడంలో ఒక మనిషికి ఒక పని అప్పగించడం ఉంది. ఇంగ్లీషులో ఆ పనికి టెల్, అడ్వైజ్ ఉన్నాయి. ‘అడ్వైజ్డ్ మి టు వాక్’ అంటే నిక్షేపంగా ఒప్పు. సజెస్ట్ మాత్రం మనిషిని పట్టుకోదు, ఆలోచనను నలుగురి ముందు పెడుతుంది. దాని వెంటనే ఆ ఆలోచనే రావాలి: ‘సజెస్టెడ్ వాకింగ్’. మనిషిని ప్రస్తావించక తప్పదంటే ‘సజెస్టెడ్ టు మి’ అని వేరే టుతో పక్కన నిలబెట్టాలి. మన ఊళ్లలో తరచూ వినిపించే ‘సజెస్ట్ మి ఎ గుడ్ బుక్’ కూడా ఇందుకే చెవికి అడ్డం తగులుతుంది. ‘సజెస్ట్ ఎ గుడ్ బుక్’ అంటే సరిపోతుంది.

సజెస్ట్ పక్కన ఇంగ్ పెడితే ఒక లోటు మిగిలిపోతుంది. ‘హి సజెస్టెడ్ గోయింగ్ బై ట్రెయిన్’ అంటే రైలెక్కేది అతనా, మనమా, అందరమా? వాక్యం చెప్పదు. అది తేలాల్సిన చోట ‘హి సజెస్టెడ్ దట్ వి గో బై ట్రెయిన్’ అనాలి. దట్ తర్వాత హి, షి వచ్చినా గో ‘గోస్’ కాదు, వెంట్ కూడా కాదు: ‘సజెస్టెడ్ దట్ షి గో’. అది వినడానికి మరీ బోడిగా అనిపిస్తే బ్రిటిష్ వాళ్లలా మధ్యలో షుడ్ చేర్చి ‘సజెస్టెడ్ దట్ షి షుడ్ గో’ అనొచ్చు.