తక్కువ రీడింగే ఎండ్ పాయింట్ కాదు

మన వనస్థలిపురం వైపు ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబుల్లో హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌ని కండక్టివిటీ మీటర్‌తో టైట్రేట్ చేయిస్తారు కదా. రీడింగ్ అన్నిటికంటే తగ్గిన చోటే ఎండ్ పాయింట్ అని చాలామంది రాసేస్తారు. అక్కడే తేడా వస్తుంది.

బీకర్లో 40 మి.లీ. ఆసిడ్, బ్యూరెట్లో 0.1 నార్మల్ కాస్టిక్ సోడా ఉన్నాయనుకుందాం. చాలా వేగంగా కరెంటు మోసే హైడ్రోజన్ అయాన్ పోయి, దాని చోట నెమ్మదైన సోడియం వస్తుంది. అందుకే రీడింగ్ పడుతుంది. ఆసిడ్ అయిపోయాక మిగులు హైడ్రాక్సైడ్ వల్ల మళ్లీ పెరుగుతుంది.

పోసిన సోడా ద్రావణాన్ని పలచన కూడా చేస్తుంది. కాబట్టి 8 మి.లీ. దగ్గర మీటర్ 2.97 చూపితే, దాన్ని 48/40తో గుణించి 3.56 అని రాయాలి. లేదంటే గీతలు వంగుతాయి.

అలా సరిచేసిన రీడింగులు ఇవి:

0 మి.లీ. – 4.90
2 – 3.40
3 – 2.65
4 – 1.90
5 – 1.70
6 – 2.32
7 – 2.94
8 – 3.56

అన్నిటికంటే తక్కువ 5 దగ్గరుంది. కానీ 0 నుంచి 4 వరకు ఒక గీత, 6 నుంచి 8 వరకు ఇంకో గీత స్కేలుతో గీసి పొడిగించండి. అవి 4.6 దగ్గర కలుస్తాయి. అదే ఎండ్ పాయింట్.

ఆసిడ్ గాఢత 4.6 × 0.1 / 40 = 0.0115 నార్మల్. 5 అని తీసుకుంటే 0.0125 వస్తుంది, అంటే దాదాపు 9 శాతం తప్పు. ఎండ్ పాయింట్ చుట్టూ చుక్క చుక్కగా పోయక్కర్లేదు. రెండు వైపులా దూరంగా మూడేసి మంచి రీడింగులుంటే చాలు.