కస్టమర్ మాటకు ఒక స్లయిడ్

కస్టమర్ అభిప్రాయం చూపే స్లయిడ్‌లో ఉండాల్సినవి మూడే: ఆయన మాట, ఆయన ఫొటో, ఆ మాటకు ఆధారంగా నిలిచే ఒక్క అంకె. అన్నిటికన్నా ముందు కళ్లు మాట మీదికే వెళ్లాలి. స్లయిడ్ మీది కొలతలన్నీ దాన్నిబట్టే నిర్ణయమవుతాయి.

మందుల షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ఒక సంస్థ ఉందనుకుందాం. ఒక షాపు యజమాని తన అనుభవాన్ని పది వాక్యాల్లో చెప్పారు. అందులో సాఫ్ట్‌వేర్ చాలా బాగుందన్న మాట ఎవరైనా అనేదే కాబట్టి పనికిరాదు. “నెలాఖరు స్టాకు లెక్కకు ఇప్పుడు షాపు మూయక్కర్లేదు” అన్న వాక్యం మాత్రం ఆయనొక్కరే అనగలిగింది. స్లయిడ్‌కు అది చాలు. వాక్యాలు వదిలేయవచ్చు గానీ, ఆయన అనని పదాన్ని చేర్చకూడదు. కుదించిన రూపాన్ని ఆయనకు చూపించి, ఫొటోకూ పేరుకూ కలిపి అనుమతి తీసుకోవాలి.

అంకె కూడా ఆ మాట గురించే చెప్పాలి. స్టాకు లెక్క గురించిన మాట పక్కన అమ్మకాల పెరుగుదల పెడితే రెండూ విడిపోతాయి. లెక్కకు మునుపు 9 గంటలు, ఇప్పుడు 2 గంటలు పడుతుంటే, పెద్దగా “2 గంటలు” అనీ, దాని కింద చిన్నగా “నెలాఖరు స్టాకు లెక్కకు; మునుపు 9 గంటలు” అనీ రాయాలి. 78 శాతం తగ్గిందనడం కన్నా ఇది తేలిగ్గా అర్థమవుతుంది, దేనితో పోల్చారో కూడా తెలుస్తుంది.

పవర్‌పాయింట్ వెడల్పు స్లయిడ్ 13.33 అంగుళాలు. అంచుల్లో ముప్పావు అంగుళం చొప్పున వదిలి, ఎడమవైపు ఏడున్నర అంగుళాలు మాటకు, కుడివైపు మూడున్నర అంకెకు ఇవ్వవచ్చు. మధ్యలో ఖాళీ వదిలేస్తే చాలు, గీత అక్కర్లేదు. మాట 32 పాయింట్లలో, అంకె 54 పాయింట్లలో బాగుంటాయి. తెలుగులో వరుసల ఎడం మరీ తగ్గితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. వరుసను అర్థం విరిగే చోటే విరవాలి. “షాపు” ఒక వరుసలో, “మూయక్కర్లేదు” మరో వరుసలో పడితే చదువు తడబడుతుంది.

ఫొటో మాట కిందే, ఎడమవైపు, 1.2 అంగుళాల వృత్తంలో ఉంటుంది. దాని పక్కనే పేరు, షాపు, ఊరు. అంత చిన్న వృత్తంలో ముఖం, భుజాలు మాత్రమే కనిపించేలా కత్తిరించాలి. చూపు స్లయిడ్ లోపలికి ఉండాలి. బయటికి చూస్తున్న ఫొటోను అద్దంలోలా తిప్పేస్తే పైట కుడి భుజం మీదికి పోతుంది, వెనక షాపు బోర్డు మీది అక్షరాలు తిరగబడతాయి. అలాంటప్పుడు సూటిగా చూస్తున్న మరో ఫొటో అడిగి తీసుకోవడమే మంచిది.

చివరగా స్లయిడ్‌ను తెర మీద అరచేతి కన్నా చిన్నది చేసి చూడాలి. మొదట అంకే కనిపిస్తే దాన్ని 48 పాయింట్లకు తగ్గించాలి. మాటను చదవలేకపోతే అక్షరాలు పెంచే ముందు ఇంకొన్ని పదాలు తీసేయవచ్చేమో చూడాలి.