జుట్టు అంచున మిగిలిపోయే పాత గోడ

కూడళ్లలో కట్టే ఫ్లెక్సీలను కాస్త దగ్గరికెళ్లి చూడండి. ముఖం బాగుంటుంది, వెనక పెట్టిన గోపురమూ బాగుంటుంది. తల చుట్టూ మాత్రం సన్నటి తెల్ల గీత కనిపిస్తుంది. లేదా జుట్టంతా నున్నగా, టోపీ తొడిగినట్టు ఉంటుంది. రెండు లోపాలూ ఒకే పొరపాటు నుంచి వస్తాయి: ఫొటోలో వెంట్రుకకు ఎక్కడో ఒకచోట అంచు ఉంటుందని, దాని వెంబడి కత్తిరిస్తే సరిపోతుందని అనుకోవడం.

ఆ అంచు అసలు లేదు. తల వెంట్రుక మందం సుమారు మిల్లీమీటరులో పదో వంతు, చాలామందికి అంతకన్నా తక్కువే. నడుము దాకా తీసిన మంచి ఫొటోలో కూడా ఒక్కో పిక్సెల్ పావు మిల్లీమీటరు చోటును పట్టుకుంటుంది. అంటే ఆ చిన్న గడిలో వెంట్రుక కొంత, వెనక గోడ కొంత ఉంటాయి. కెమెరా రెండింటినీ కలిపి ఒకే రంగుగా నమోదు చేస్తుంది. కాబట్టి ఆ పిక్సెల్‌ను పూర్తిగా తీసుకోవడమూ తప్పే, పూర్తిగా వదలడమూ తప్పే. అందులో వెంట్రుక ఎంతుందో అంతే తీసుకోవాలి. ఫొటోషాప్‌లో మాస్క్ చేసే పని ఇదే: తెలుపు ఉన్నచోట బొమ్మ పూర్తిగా కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట మాయమవుతుంది, బూడిద రంగు ఉన్నచోట పాక్షికంగా కనిపిస్తుంది.

లేత నీలం గోడ ముందు జుట్టు విరబోసుకుని నిలబడిన అమ్మాయి ఫొటో ఉందనుకుందాం. ఆమెను రాత్రివేళ దీపాల వెలుగులోకి చేర్చాలి. వెంట్రుకలను మౌస్‌తో ఒక్కొక్కటిగా గీయడం వృథా శ్రమ. వాటి మాస్క్ ఫొటోలోనే సగం తయారై ఉంటుంది. Channels తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఛానెళ్లను విడివిడిగా చూడండి. గోడ నీలం కాబట్టి Blue ఛానెల్‌లో గోడ బాగా తెల్లగా, జుట్టు బాగా నల్లగా కనిపిస్తాయి. దానికి నకలు తీసుకుని, Levelsతో తేడాను ఇంకా పెంచాలి.

చేయి చాలామందికి ఇక్కడే జారుతుంది. జుట్టు విలువ 20, గోడ విలువ 240 అనుకుంటే, మూడో వంతు మాత్రమే వెంట్రుక ఉన్న పిక్సెల్ 167 దగ్గర ఉంటుంది. గోడ శుభ్రంగా తెల్లబడాలని కుడివైపు తెల్ల స్లైడర్‌ను 160 దాకా లాగేస్తే ఆ సన్నటి వెంట్రుక గోడలో కలిసిపోతుంది. గోడ మీద కాస్త మరక మిగిలినా ఫరవాలేదు, 225 దగ్గర ఆగండి. ఆ మరకలను తర్వాత Dodge టూల్‌ను Highlightsలో పెట్టి పోగొట్టవచ్చు. అది లేత భాగాలనే ఎక్కువగా తెల్లబరుస్తుంది, నల్లటి వెంట్రుకల జోలికి పెద్దగా పోదు. ముఖం, బట్టలు ఉన్న లోపలి భాగాన్ని బ్రష్‌తో నల్లగా నింపి, Ctrl+I నొక్కి తిరగేస్తే మాస్క్ సిద్ధం. Ctrl పట్టుకుని ఆ ఛానెల్ చిన్నబొమ్మ మీద క్లిక్ చేస్తే ఎంపిక అవుతుంది. లేయర్‌కు వెళ్లి దాన్ని మాస్క్‌గా తగిలించండి.

ఇంత చేసినా రాత్రి దృశ్యంలో జుట్టు చుట్టూ లేత మసక కనిపిస్తుంది. డిజైనర్లు మాస్క్‌ను తిట్టుకుంటూ దాని అంచును లోపలికి కుదించేస్తారు, వెంట్రుకలు పోతాయి. తప్పు మాస్క్‌ది కాదు. సగం వెంట్రుక, సగం గోడ ఉన్న పిక్సెల్ నీలం విలువ 130. రాత్రి ఆకాశం విలువ 50 అయితే అక్కడ రావాల్సింది 20, 50ల సగటు, అంటే 35. మనకు వచ్చేది 130, 50ల సగటు, 90. పిక్సెల్‌ను సగమే తీసుకున్నాం, కానీ ఆ సగంలోకి పాత గోడ రంగు కూడా వచ్చేసింది.

అందువల్ల మార్చాల్సింది రంగును. జుట్టు లేయర్ పైన కొత్త లేయర్ పెట్టి, Alt పట్టుకుని రెండింటి మధ్య క్లిక్ చేస్తే పైది కింది దానికి అతుక్కుంటుంది. అప్పుడు లోపలి జుట్టు రంగును తీసుకుని అంచుల మీద పెద్ద బ్రష్‌తో ధారాళంగా పూయవచ్చు. మాస్క్ అనుమతించినంతే రంగు కనిపిస్తుంది, బయటికి పొంగదు. Select and Maskలోని Decontaminate Colors దాదాపు ఇదే పని తనంతట తాను చేస్తుంది. అయితే జుట్టుకు రంగు వేసుకున్నవారి విషయంలో నాకు చేత్తో పూయడమే నమ్మకం. పచ్చిక మీద కూర్చున్న తెల్ల కుక్క బొచ్చుకూ ఇదే మందు: అంచున అంటిన ఆకుపచ్చ మీద బొచ్చు రంగు పూయాలి.

పని అయిందో లేదో తేల్చుకోవడానికి కింద ఒకసారి కటిక నలుపు, ఒకసారి తెలుపు లేయర్ పెట్టి చూడండి. మసక నలుపు మీద బయటపడుతుంది, తుడవని మరకలు తెలుపు మీద తేలతాయి.

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటోతో మాత్రం చిక్కే. కుదింపులో రంగుల వివరాలు ఎక్కువగా పోతాయి, నీలం ఛానెల్ గళ్లుగళ్లుగా మారుతుంది. ఆ ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమని అడగాలి, కుదరకపోతే కాస్త శుభ్రంగా ఉండే ఆకుపచ్చ ఛానెల్‌తో సర్దుకోవాలి. వెనక చెట్ల ఆకులున్న ఫొటోలో ఏ ఛానెలూ ఆదుకోదు. అక్కడ జుట్టు ఒత్తుగా ఉన్నంతవరకే కత్తిరించి, ఒకటి రెండు పిక్సెళ్ల బ్రష్‌తో జుట్టు వాలు చూసుకుంటూ కొన్ని వెంట్రుకలు గీయడమే దారి.