స్విచ్ ఆపినా ఆగని ఫేజు

బకెట్లో నీళ్లు కాగాయి. స్విచ్ ఆపేశారు, రాడ్ ఇంకా నీళ్లలోనే ఉంది, ప్లగ్గు సాకెట్లోనే ఉంది. వేడి ఎంతుందో చూద్దామని నీళ్లలో వేలు పెట్టడం ప్రమాదమా కాదా అన్నది సాకెట్ వెనక వైర్లు ఎలా బిగించారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

మన మూడు రంధ్రాల సాకెట్‌ను ఎదురుగా నిలబడి చూస్తే పైన పెద్దది ఎర్త్, కుడివైపుది ఫేజు, ఎడమవైపుది న్యూట్రల్. స్విచ్ ఫేజు దారిలోనే ఉండాలి. వైర్లు తారుమారైతే ఫేజు నేరుగా ఎడమ రంధ్రంలోకి వచ్చేస్తుంది, స్విచ్ న్యూట్రల్‌ను మాత్రమే తెంచుతుంది. అప్పుడు స్విచ్ ఆపితే రాడ్ వేడెక్కడం ఆగిపోతుంది, ఎందుకంటే కరెంటు తిరిగి వెళ్లే దారి లేదు. కానీ రాడ్ లోపలి తీగ మొత్తం భూమితో పోలిస్తే 230 వోల్టుల మీదే ఉంటుంది. పైతొడుగు ఎక్కడైనా పగిలి, సాకెట్‌కు ఎర్త్ కూడా లేకపోతే, తడినేల మీద నిలబడి నీళ్లను తాకిన మనిషే ఆ కరెంటుకు దారి అవుతాడు. వైర్లు సరిగా ఉంటే ఆపిన స్విచ్ ఆ ప్రమాదాన్ని అడ్డుకునేది.

ఇంత తప్పు ఏళ్ల తరబడి ఎలా దాగి ఉంటుంది? ఫ్యాను, మిక్సీ, సెల్ ఛార్జరు అన్నీ మామూలుగానే పనిచేస్తాయి. ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఏ వైరు ఏ పిన్నుకు వచ్చిందో వాటికి పట్టదు. ఆర్‌సీసీబీ కూడా పడిపోదు. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అన్నదే అది చూస్తుంది. తారుమారైనా అవి సమానమే.

మల్టీమీటర్‌తో రెండు కింది రంధ్రాల మధ్య కొలిచినా 230 వోల్టులే కనిపిస్తాయి, తప్పు బయటపడదు. భూమితో పోల్చి చూసే పరికరానికే ఇది దొరుకుతుంది. నియాన్ టెస్టరు అలాంటిదే: దాని చిన్న దీపం వెలగడానికి కావలసిన స్వల్ప కరెంటు, మన వేలి మీదుగా, ఒంటి మీదుగా భూమికి చేరుతుంది. సాకెట్లో ఏమీ పెట్టకుండా స్విచ్ ఆపి, టెస్టరు కొనను ఎడమ రంధ్రంలో పెట్టాలి. అది వెలిగితే ఫేజు అటు వచ్చినట్టే. అయితే రాడ్ ప్లగ్గును పూర్తిగా దూర్చకుండా వదిలి కుడి పిన్నును పరీక్షిస్తే అక్కడా వెలుగుతుంది. ఫేజు రాడ్ తీగ గుండా అవతలికి వచ్చింది మరి. పిన్నులు బయటికి కనిపించేలా ఉన్నప్పుడు అలా చేయడం ప్రమాదం కాబట్టి ఖాళీ సాకెట్‌నే చూడాలి. మల్టీమీటర్ ఉంటే స్విచ్ వేసి ఎర్త్‌కూ ఒక్కో రంధ్రానికీ మధ్య కొలవచ్చు. ఎర్త్ బాగుంటే కుడివైపు సుమారు 230, ఎడమవైపు దాదాపు సున్నా రావాలి.

ఒక్క సాకెట్లోనే తేడా ఉంటే ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి వెనక వైర్లు మారుస్తాడు. ఇంటి సాకెట్లన్నీ అలాగే ఉంటే తప్పు మెయిన్ బోర్డు దగ్గరో, మీటరు నుంచి వచ్చే వైర్లలోనో ఉందని అనుమానించాలి. అప్పుడు ఒక పోలు ఎంసీబీలు కూడా న్యూట్రల్‌నే తెంచుతూ ఉంటాయి, కాబట్టి సాకెట్లను ఒక్కొక్కటిగా మార్చుకుంటూ పోవడం పరిష్కారం కాదు.