ప్యాకెట్ అచ్చుకు వెళ్లేముందు రాయాల్సిన రెండు వాక్యాలు

2008 జనవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో రతన్ టాటా నానో కారును తొలిసారి జనానికి చూపించారు. వానలో ఒకే స్కూటరు మీద కుటుంబమంతా తడుస్తూ వెళ్లడం చూశాక, అలాంటివారిని క్షేమంగా తీసుకెళ్లే బండి తయారుచేయాలనిపించిందని ఆయన చెప్పేవారు. అంటే ఆ కారు ఎవరికోసమో, వారి ఏ ఇబ్బంది తీర్చడానికో మొదటి నుంచీ స్పష్టంగానే ఉంది. జనం నోళ్లలో నానింది మాత్రం 'లక్ష రూపాయల కారు', 'అన్నిటికన్నా చౌక కారు' అన్న మాటలే. స్కూటరు వదిలి కారు ఎక్కడమంటే మధ్యతరగతి ఇంటికి అది గౌరవం పెరగడం. ఎదురింటివాళ్లు 'చౌక కారు కొన్నారట' అనుకునే బండి ఆ గౌరవాన్ని ఇవ్వలేకపోయింది. ఫ్యాక్టరీ సింగూరు నుంచి సనంద్‌కు తరలడం, కొన్ని కార్లలో మంటలు రావడం కూడా దెబ్బతీశాయి. అయినా చౌక కారన్న ముద్ర పడటం పొరపాటేనని తర్వాత రతన్ టాటాయే అన్నారు.

ఈ ముద్ర ఎలా పడాలో సరుకు బజారుకు రాకముందే తేల్చి రాసుకునేదే పొజిషనింగ్ స్టేట్‌మెంట్. అది ప్రకటన కాదు, కొనేవాళ్లు దాన్ని ఎప్పుడూ చదవరు. మార్కెటింగ్ ప్లాన్‌లో బజారు పరిశీలన, కొనేవారి ఎంపిక అయ్యాక, ధర, ప్యాకింగ్, దుకాణాలు, ప్రచారం గురించి రాయకముందు దాని చోటు. తర్వాతి పేజీల్లోని ప్రతి నిర్ణయమూ దానికి జవాబు చెప్పుకోవాలి.

యూఎస్‌పీ దీనికన్నా ముందు పుట్టింది. అమెరికాలో టెడ్ బేట్స్ ఏజెన్సీకి చెందిన రాసర్ రీవ్స్ 1961లో రాసిన పుస్తకంలో దానికి మూడు షరతులు పెట్టాడు. ఇది కొంటే ఫలానా మేలు కలుగుతుందని ప్రకటన ఖాయంగా చెప్పాలి. ఆ మేలు పోటీదారు ఇవ్వలేనిదో, ఇస్తానని ఇంతవరకూ చెప్పనిదో అయ్యుండాలి. అది లక్షలమందిని కదిలించేంత బలమైనదై ఉండాలి. ఎం అండ్ ఎమ్స్ చాక్లెట్ గోళీలకు పంచదార పెంకు ఉంటుంది కాబట్టి, నోట్లో కరుగుతాయి గానీ చేతిలో కరగవని రీవ్స్ చెప్పించాడు. ఆ మాటకు ఆధారం సరుకులోనే ఉంది. మే నెల ఎండలో చాక్లెట్ జేబులో పెట్టుకున్న పిల్లవాడెవరికైనా దాని విలువ తెలుసు. 1970ల్లో అల్ రైస్, జాక్ ట్రౌట్ ఇంకో మెట్టు ఎక్కారు. సరుకు ఎలా ఉందన్నదానికన్నా, కొనేవారి మనసులో అది ఏ చోట కూర్చుందన్నదే అసలు లెక్క అన్నారు.

రాయడానికి ఒక అచ్చు ఉంది. జెఫ్రీ మూర్ 1991లో ప్రచారంలోకి తెచ్చిన దాన్ని తెలుగులో ఇలా చెప్పుకోవచ్చు: 'ఫలానా ఇబ్బంది ఉన్న ఫలానావారికి మా సరుకు ఒక ఫలానా రకం వస్తువు, అది ఫలానా మేలు చేస్తుంది. వాళ్లు ఇప్పుడు వాడుతున్నదానిలా కాకుండా మాది ఫలానా తేడా చూపిస్తుంది.' చాలామంది దీని చివర 'ఎందుకంటే' అని నమ్మదగిన కారణం కూడా చేరుస్తారు. చేర్చడమే మంచిది. ఖాళీలు నింపడం పది నిమిషాల పనిలా కనిపిస్తుంది. సరిగ్గా నింపడానికి వారాలు పడుతుంది.

ఊహించిన సరుకు ఒకటి తీసుకుని నింపి చూద్దాం. ఒక చిన్న సంస్థ జొన్న ఇడ్లీ రవ్వ తయారుచేసింది. జొన్నలను నానబెట్టి, ఆవిరికి ఉడికించి, ఎండబెట్టి, ఆ తర్వాత రవ్వ పట్టిస్తోంది. ఉప్పుడు బియ్యానికి చేసే పనినే జొన్నకు చేస్తోందన్నమాట. హైదరాబాద్, విజయవాడ దుకాణాల్లో అమ్మాలని ఆలోచన.

మొదటి చిత్తుప్రతి దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది: 'ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న అన్ని వర్గాలవారికి రుచికరమైన, సహజమైన, నాణ్యమైన చిరుధాన్య ఆహారం.' దీన్ని పరీక్షించడం తేలిక. మీ పేరు తీసేసి పోటీదారు పేరు పెట్టండి. వాక్యం అప్పుడూ నిజమే అయితే మీరింకా ఏమీ రాయనట్టే. ఈ వాక్యం ఓట్స్‌కు సరిపోతుంది, రాగి పిండికీ అటుకులకూ కూడా సరిపోతుంది.

మొదటి ఖాళీ మనిషిది. 'ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారు' అన్నది మనిషిని చూపించదు. వంటింటిదాకా వెళ్లి చూస్తే అసలు మనిషి కనిపిస్తుంది. ఇంట్లో పెద్దాయనకు అన్నం, ఇడ్లీ తగ్గించమని డాక్టర్ చెప్పారు. పిల్లలకు మామూలు ఇడ్లీ కావాలి. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లాల్సిన కోడలు ఆయనకొకటీ మిగతావారికొకటీ రెండు టిఫిన్లు చేస్తోంది. తినేది మామగారైనా కొనేదీ వండేదీ ఆమే, అలసిపోయేదీ ఆమే. కాబట్టి వాక్యం ఆమె పేర రాయాలి. అలా రాసినప్పుడు జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు, ఒంటరిగా ఉండే ఉద్యోగులు వదిలిపోతారు. వదిలేయడానికి మనసొప్పదు. అయితే ఎవరినీ వదలని మొదటి ఖాళీ తర్వాతి ఖాళీలకు దారి చూపించలేదు.

రెండో ఖాళీ, అంటే ఇది ఏ రకం వస్తువు అన్నది, అన్నిటికన్నా తక్కువ ఆలోచించి నింపేది. నా దృష్టిలో సరుకు భవిష్యత్తు ఎక్కువగా తేలేది ఇక్కడే. 'చిరుధాన్య ఆహారం' అని రాస్తే ప్యాకెట్ ఓట్స్, మ్యూస్లీల పక్కన అరలోకి వెళ్తుంది. ధర కాస్త ఎక్కువున్నా చెల్లుతుంది గానీ, కోడలు ఆ అర దగ్గరికి నెలకోసారి కూడా రాకపోవచ్చు. 'ఇడ్లీ రవ్వ' అని రాస్తే మామూలు రవ్వ పక్కన నిలబడుతుంది. అక్కడికి ఆమె తరచూ వస్తుంది, దాన్ని ఎలా వాడాలో ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ అక్కడ ధరను బియ్యపు రవ్వతోనే పోల్చి చూస్తుంది. పైగా ఇడ్లీ రవ్వ అన్నాక ఇడ్లీ మెత్తగా రావాలి. అది మన గొప్పతనం కాదు, ఆ అరలో నిలబడటానికి కనీస అర్హత. రెండు టిఫిన్ల బాధ తీర్చడమే లక్ష్యం కాబట్టి ఇక్కడ 'ఇడ్లీ రవ్వ' అనే రాయాలి.

తేడా దగ్గరికి వచ్చేసరికి తయారీదారులు సరుకులోని మంచి గుణాలన్నీ ఏకరువు పెడతారు. పీచు ఉందంటారు, ఇనుము ఉందంటారు, గ్లూటెన్ లేదంటారు. గ్లూటెన్ సంగతే చూడండి. జొన్నలో అది లేదన్నది నిజం. బియ్యంలోనూ మినప్పప్పులోనూ లేదు. మామూలు ఇడ్లీకీ ఉన్న గుణాన్ని తేడాగా చెప్పడంలో అర్థం లేదు. 'షుగర్‌ను తగ్గిస్తుంది' అన్న మాట ఇంకా ప్రమాదం. ఆహార పదార్థం జబ్బును నయం చేస్తుందని చెప్పుకోవడాన్ని 2018 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు ఒప్పుకోవు. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద లక్షల్లో జరిమానా పడవచ్చు. చట్టం మాట పక్కనపెట్టినా, ఆ మాట నమ్మి మందులు మానేసే పెద్దాయన ఒక్కరున్నా ఆ పాపం మనదే.

ఇంతకీ ఆ కోడలికి పనికొచ్చే తేడా ఏమిటి? జొన్న రవ్వతో ఇడ్లీలు గట్టిగా వస్తాయని, కొలతలు మార్చాల్సి వస్తుందని ఆమె భయం. ఉడికించి పట్టిన రవ్వ కాబట్టి అలవాటైన కొలతలోనే మెత్తగా వస్తాయన్నది ఈ సరుకు చెప్పుకోగల మాట. ఇప్పుడు వాక్యాలు ఇలా తయారవుతాయి: 'ఇంట్లో ఒకరికి బియ్యం తగ్గించాల్సి వచ్చి రోజూ రెండు టిఫిన్లు చేస్తున్న గృహిణికి మాది ఒకే పిండితో అందరికీ సరిపోయే ఇడ్లీ రవ్వ. మిగతా జొన్న రవ్వల్లా కాకుండా కొలత మార్చకుండానే మెత్తని ఇడ్లీ ఇస్తుంది, ఎందుకంటే జొన్నను ఆవిరికి ఉడికించి ఎండబెట్టాకే రవ్వ పడతాం.'

యూఎస్‌పీ ఇందులోంచే రావాలి. ఇందులో లేనిది విడిగా కనిపెట్టకూడదు. ప్యాకెట్ ముందువైపు ఇలా రాయవచ్చు: 'మినప్పప్పు ఒక గ్లాసు, జొన్న రవ్వ రెండు గ్లాసులు. అదే కొలత, అందరికీ ఒకే ఇడ్లీ.' 'ఆరోగ్యమే మహాభాగ్యం' లాంటి నినాదం కన్నా ఇది తక్కువ అందంగా ఉండొచ్చు. కానీ రీవ్స్ మొదటి షరతు ప్రకారం ఇది ఒక ఖాయమైన మాట ఇస్తోంది, ఆ మాట నిజమో కాదో మర్నాడు పొద్దున్నకల్లా తేలిపోతుంది.

అందుకే అచ్చుకు ముందే తేల్చుకోవాలి. పేరు లేని ప్యాకెట్లు ఇరవై ముప్పై ఇళ్లకు ఇచ్చి, 'మామూలుగా ఎలా చేస్తారో అలాగే చేయండి' అని అంతవరకే చెప్పాలి. తర్వాత వెళ్లి 'ఎలా ఉంది?' అని అడిగితే మొహమాటానికి బాగుందంటారు. నీళ్లు ఎక్కువ పోశారా, వంటసోడా వేశారా, టిఫిన్ డబ్బాలో మధ్యాహ్నానికి గట్టిపడ్డాయా, పిల్లలు ఎన్ని తిన్నారు అని అడగాలి. చాలా ఇళ్లలో కొలత మార్చాల్సి వచ్చిందంటే ఆ మాట ప్యాకెట్ మీదికి ఎక్కకూడదు. అప్పుడు రవ్వ సైజునైనా ఉడికించే పద్ధతినైనా మార్చుకోవాలి. అదీ కుదరకపోతే వాక్యాన్నే మార్చాలి.

మొదటి సరుకు దుకాణాల్లోకి వెళ్లాక తప్పు జరిగితే రెండు చోట్ల బయటపడుతుంది. దుకాణదారు ప్యాకెట్‌ను ఏ అరలో పెట్టాలో తెలియక కౌంటరు మీద వదిలేస్తే రెండో ఖాళీ సరిగా లేదు. మీ సేల్స్ కుర్రాడు నోరు విప్పగానే మొదటి మాట 'రెండు కొంటే ఒకటి ఫ్రీ' అయితే అతనికి చెప్పుకోవడానికి తేడా ఏమీ దొరకలేదన్నమాట.

వాక్యాలు బాగా రాస్తే ప్లాన్‌లో మిగతా పేజీలు త్వరగా నిండుతాయి. కొత్త రవ్వను నమ్మి కిలో ఎవరూ కొనరు కాబట్టి అరకిలో ప్యాకెట్ ముందు రావాలి. బియ్యపు రవ్వ కన్నా ధర ఎక్కువైనా రెండో టిఫిన్‌కు అయ్యే ఖర్చు, శ్రమలకన్నా తక్కువనిపించేలా ఉండాలి. ప్రచారానికి నటి అక్కర్లేదు. ఒకే కుక్కర్లోంచి తీసిన ఇడ్లీలు తాతా మనవడూ తింటున్న అరనిమిషం వీడియో చాలు.

ఈ వాక్యాలను నెలకోసారి మార్చకండి. ఆరు నెలల తర్వాత రెండోసారి, మూడోసారి కొన్నవారు ఎవరో కనుక్కోండి. వాళ్లు మీరు రాసుకున్న కోడలు కాకుండా, సాయంత్రం ఉప్మా కోసం కొంటున్న హాస్టల్ పిల్లలైతే మీ మొదటి ఖాళీ తప్పు. ప్రకటనల బడ్జెట్ పెంచకముందే దాన్ని దిద్దుకోండి.