పెళ్లికి ముందే తేల్చుకోవాల్సిన మాటలు

మతాంతర పెళ్లికి సిద్ధపడే జంటలు తొలినాళ్లలో ఒకరికొకరు చెప్పుకునే మాట చాలాసార్లు ఒకటే ఉంటుంది: ‘నాకు అలాంటి పట్టింపులేం లేవు.’ అందులో అబద్ధం ఉండదు. పట్టింపు బయటపడే సందర్భం ఇంకా రాలేదంతే. పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించాలా వద్దా, అత్తమామలు వచ్చి పదిహేను రోజులున్నప్పుడు ఫ్రిజ్‌లో చేపలు పెట్టుకోవచ్చా, మామగారి ఆబ్దికం నాడు వంట ఎవరు చేస్తారు అన్న ప్రశ్నలు ఎదురైతే తప్ప తనకు ఏది ముఖ్యమో మనిషికి తనకే తెలియదు.

అందుకే ఈ మాటలు ముందే మాట్లాడుకోవాలి. కానీ మాట్లాడితే మూర్ఖంగా కనిపిస్తామని, అవతలివాళ్ల ఇంటిని తక్కువ చేసినట్టవుతుందని భయం. ఆ భయం పోవడానికి ఒక దారుంది. నమ్మకాల గురించి కాకుండా రోజుల గురించి, పనుల గురించి మాట్లాడుకోవాలి. తేలిన ప్రతి విషయాన్నీ నాలుగింటిలో ఒకదాని కింద పెట్టుకోవాలి: నేను చేసేది, నిన్ను చేయమని కోరేది, మా ఇంట్లోవాళ్లు ఆశించేది, నేనింకా తేల్చుకోనిది. ఈ నాలుగూ కలిసిపోయినప్పుడే మాట కరుకుగా వినిపిస్తుంది. ‘మేం ఆదివారం చర్చికి వెళ్తాం’ అని అమ్మాయి అంటే, ‘నువ్వూ రావాలి’ అన్నట్టు అబ్బాయికి వినిపించవచ్చు. ‘నేను వెళ్తాను, నువ్వు రావాలని అడగను, క్రిస్మస్‌కు మాత్రం పక్కన ఉంటే బాగుంటుంది’ అంటే ఎవరికీ గొంతు పట్టుకున్నట్టు ఉండదు.

ఒక జంటను ఊహించుకుందాం

అమ్మాయిది గుంటూరు దగ్గర క్యాథలిక్ కుటుంబం. అబ్బాయి సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన తమిళుడు. ఇంట్లో తమిళం మాట్లాడతారు, బయట తెలుగు. వాళ్లది శాకాహార హిందూ కుటుంబం. ఇద్దరూ హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తున్నారు. పెళ్లి చేసుకోవాలన్న ఆలోచన ఇద్దరికీ ఉంది, ఇళ్లలో ఇంకా చెప్పలేదు. మాట్లాడుకోవడానికి ఇదే సరైన సమయం. పెద్దవాళ్లు వచ్చి కూర్చున్నాక ఎవరి ఇంటి పరువు వాళ్లు కాపాడాలి కాబట్టి, అప్పుడిక మాటలు వాదనలవుతాయి.

‘నీకు దేవుడంటే నమ్మకం ఉందా?’ అని మొదలుపెడితే చర్చ ఎటో వెళ్తుంది. ‘మీ ఇంట్లో ఆదివారం ఎలా గడుస్తుంది?’ అని అడిగితే మనిషి జవాబు వెతుక్కోకుండా చెబుతాడు. అమ్మాయి చెబుతుంది: పొద్దున పూజకు వెళ్తారు, వచ్చాక కోడికూర వండుతారు, తపస్సు కాలంలో మాంసం మానేస్తారు, ఫిబ్రవరిలో గుణదల మాత ఉత్సవాలకు ఇంటిల్లిపాదీ వెళ్తారు. అబ్బాయి చెబుతాడు: అమావాస్య నాడు తండ్రి తర్పణం వదిలాకే భోజనాలు, ఆ రోజు వంటలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు, తాతగారి ఆబ్దికానికి అమ్మ తెల్లవారుజామునే లేచి మడితో వండుతుంది. రెండిళ్ల ఏడాదీ ఇలా పక్కపక్కన పెట్టుకుంటే, ఏ రోజుల్లో ఒకరికొకరు అడ్డుపడతారో, ఏ రోజుల్లో అసలు ఇబ్బందే లేదో కనిపిస్తుంది.

ఆబ్దికం దగ్గర అమ్మాయి ఆగి అడగాలి: ‘రేపు మీ అమ్మగారికి చేతకానప్పుడు ఆ వంట నేను చేయాలని మీవాళ్లు అనుకుంటారా? నువ్వు అనుకుంటావా?’ ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. అబ్బాయి నిజాయితీగా ఇలా చెప్పగలడు: ‘కర్మ నేను చేస్తాను, దాన్ని వదులుకోను. నిన్ను వండమని అడగను, వంటకు మనిషిని పెట్టుకుంటాను. అమ్మ మాత్రం బాధపడుతుంది. ఆ మాట ఆమెకు నేనే చెబుతాను.’ ఈ జవాబులో తాను చేసేదీ, ఆమెను కోరనిదీ, ఇంట్లోవాళ్లు ఆశించేదీ విడివిడిగా ఉన్నాయి. ‘మా అమ్మ ఒప్పుకోదు’ అని ఊరుకుంటే అందులో అతని మనసేమిటో ఆమెకు తెలియదు. అమ్మ పేరు వినిపించిన ప్రతిసారీ ‘మరి నీకు?’ అని మెల్లగా అడగడం తప్పు కాదు.

పెళ్లి ఏ పద్ధతిలో?

ఇక్కడ చట్టం, చర్చి రెండూ తెలిసి ఉండాలి. హిందూ వివాహ చట్టం 1955 కింద పెళ్లి చెల్లాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. క్యాథలిక్ అబ్బాయి, హిందూ అమ్మాయి గుడిలో తాళి కట్టుకుని, ఆ చట్టం కింద రిజిస్టరు కూడా చేయించుకున్నారు. అయినా ఆ పెళ్లి చెల్లదని కోర్టు చెప్పింది. అతను క్రైస్తవుడని తనకు ముందు చెప్పలేదన్నది ఆ అమ్మాయి ఫిర్యాదు.

మతం మారకుండా చేసుకునేవాళ్లకు ప్రత్యేక వివాహ చట్టం 1954 ఉంది. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అంటిస్తారు. 30 రోజుల్లో చెల్లుబాటయ్యే అభ్యంతరం ఏదీ రాకపోతే ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి జరుగుతుంది. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో చేసుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. ఇళ్లలో చెప్పకముందే నోటీసు బోర్డు మీద పేర్లు కనిపిస్తే గొడవ అక్కడే మొదలవుతుంది. కాబట్టి ముందు ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో కూడా ఈ మాటల్లో భాగమే.

క్యాథలిక్ చర్చిలోనే పెళ్లి కావాలంటే ఇంకో సంగతి ఉంది. జ్ఞానస్నానం పొందని వ్యక్తిని పెళ్లాడటానికి మేత్రాణుల నుంచి మినహాయింపు తీసుకోవాలి, లేకపోతే చర్చి దృష్టిలో ఆ పెళ్లి చెల్లదు. అందుకోసం క్యాథలిక్ వ్యక్తి మాట ఇవ్వాలి: తన విశ్వాసం వదలనని, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి క్యాథలిక్కులుగా పెంచడానికి తన శక్తిమేరకు అంతా చేస్తానని. అవతలి వ్యక్తి మతం మారనక్కర్లేదు, ఆ మాట తానూ ఇవ్వనక్కర్లేదు. కానీ ఆమె అలాంటి మాట ఇస్తోందని అతనికి తప్పకుండా తెలియజేయాలి. ఇతర క్రైస్తవ సంఘాల్లో పద్ధతులు వేరు. కొన్నిచోట్ల పెళ్లికి ముందే బాప్తిస్మం తీసుకోమని పాస్టర్లు అడుగుతారు. కాబట్టి ఆమె ముందే విచారణ గురువుల దగ్గరికి వెళ్లి అడిగి, విన్నది విన్నట్టు అతనికి చెప్పాలి. శుభలేఖలు అచ్చయ్యాక తెలిస్తే, తనను మోసం చేసి లాగారని అతనికి అనిపిస్తుంది.

పిల్లల సంగతి దగ్గర సగం సగం కుదరదు. జ్ఞానస్నానం ఇప్పిస్తారు, లేదా ఇప్పించరు. ‘పెద్దయ్యాక వాళ్లే ఎంచుకుంటారు’ అన్న మాట వినడానికి అందరికీ నచ్చుతుంది. కానీ ఆ మాట చర్చిలో ఆమె ఇచ్చే మాటతో కలవదు. బిడ్డ పుట్టిన నెలలోనే అమ్మమ్మా నానమ్మా అడిగే ప్రశ్నకు జవాబూ కాదు. ఇక్కడ ఆమె, ‘నాకు ఇది ముఖ్యం, దీన్ని వదులుకుని చేసుకుంటే తర్వాత నిన్ను తప్పుపడతానేమో అని నా భయం’ అని చెబితే అది మూర్ఖత్వం కాదు. ‘మీవాళ్లకు ఇవన్నీ ఏం తెలుస్తాయి’ అంటే మాత్రం అది తీర్పు. మొదటి మాట తన గురించి, రెండోది అవతలివాళ్ల గురించి. ఏ మాటకైనా ఈ తేడా చూసుకుంటే చాలు.

బిడ్డ ఏ భాషలో పిలుస్తుంది?

ఈ జంట ఇప్పుడు తెలుగులోనే మాట్లాడుకుంటుంది కాబట్టి భాష సమస్యే కాదనిపిస్తుంది. కానీ హైదరాబాద్‌లో పుట్టే బిడ్డకు తెలుగు అమ్మ నుంచి వస్తుంది, వీధిలో వస్తుంది, బడిలోనూ వస్తుంది. తెలంగాణలో 2018 చట్టం తెలుగును బడుల్లో తప్పనిసరి సబ్జెక్టు చేసింది. తమిళం రావాలంటే మాత్రం అతని నోటి నుంచే రావాలి. ఆఫీసు నుంచి వచ్చి గంటసేపైనా బిడ్డతో తమిళమే మాట్లాడాలి, అది రోజూ జరగాలి. ఆ గంటను అతను నిజంగా ఇవ్వగలడా అన్నదే అడగాల్సిన ప్రశ్న. ‘మన బిడ్డకు తమిళం రావాలి’ అని కోరుకుంటూ నేర్పే పని ఆమె మీదో, అప్పుడప్పుడు వచ్చే నానమ్మ మీదో వేస్తే అది నెరవేరదు.

ఆమె నేర్చుకోవాల్సిందీ కొంత ఉంటుంది. అత్తగారు అడిగే మాటలు అర్థమయ్యేంత తమిళం వస్తే, తన ముందే తన గురించి మాట్లాడుకుంటున్నారేమో అన్న అనుమానం తగ్గుతుంది. అతను కూడా ఆమె ఉన్నప్పుడు తల్లిదండ్రులతో తెలుగులోకి మారతానని చెప్పాలి. ఎవరు ఎంత అడుగు వేస్తారో ఇలా లెక్కగా చెప్పుకుంటే, ‘మా భాషంటే నీకు గౌరవం లేదు’ అనే మాట రాదు.

వంటిల్లు

తిండి దగ్గర మనుషులు అనుకున్నదానికంటే సున్నితంగా ఉంటారు. ‘నువ్వు తింటే నాకేం అభ్యంతరం లేదు’ అని అతను చెప్పాక ఇంకా అడగాల్సినవి ఉంటాయి. బయట తినడమా, ఇంటికి తెచ్చుకోవడమా, ఇంట్లో వండటమా? ఏ మాంసం? గిన్నెలు వేరుగా ఉండాలా? అతని తల్లిదండ్రులు వచ్చినప్పుడు ఏం చేద్దాం? బిడ్డ తినొచ్చా? వీటిలో మొదటిదానికి ‘సరే’ అన్నవాడు మూడోదాని దగ్గర ఆగిపోవచ్చు. ఎండుచేపల వాసన తనకు పడదని అతను చెప్పడం తప్పు కాదు. వాసన తనకు పడదనడానికి, అది తినేవాళ్లు శుభ్రత లేనివాళ్లనడానికి చాలా దూరముంది. ఆమె కూడా ఆదివారం కోడికూర తనకు పుట్టింటి జ్ఞాపకమని, దాన్ని దొంగతనంగా తినలేనని చెప్పాలి. ఆదివారాలు ఇంట్లో వండుకుంటుంది, గిన్నెలు వేరు, పెద్దవాళ్లు ఉన్న వారం బయట తింటుంది అని వాళ్లు ఒక ఒప్పందానికి రావచ్చు. ఇంకో జంటకు ఇంకోలా కుదరవచ్చు.

ఎక్కడ చెడుతుంది?

ఇవన్నీ ఒక్క సాయంత్రంలో అడిగితే పోలీసు విచారణలా ఉంటుంది. ఒకరోజు ఆదివారాలు, పండగల గురించి, ఇంకోరోజు తిండి, పెద్దవాళ్ల గురించి, మరోసారి పెళ్లి పద్ధతి, పిల్లల గురించి మాట్లాడుకోవచ్చు. అడిగినవాళ్లు ముందు తమ జవాబు చెబితే పరీక్షలా ఉండదు. అవతలివాళ్లు ‘ఇంకా తేల్చుకోలేదు’ అంటే దాన్నీ జవాబుగానే తీసుకోవాలి. కాకపోతే ఎప్పటిలోగా తేలుస్తారో అడగాలి. ఒకే ప్రశ్నకు పదేపదే ‘తర్వాత చూద్దాం’ వస్తున్నా, ఇద్దరే ఉన్నప్పుడు ఒక జవాబు, అన్నయ్య ఎదురుగా ఇంకో జవాబు వస్తున్నా అక్కడ ఆగి చూసుకోవాలి. ‘పెళ్లయ్యాక మారతాడులే’ అని మనసులో అనుకుంటున్నామంటే, మనం కూడా మాట దాస్తున్నట్టే.

ఎంత మర్యాదగా మాట్లాడుకున్నా కొన్ని జంటలకు పొసగదు. ఈ జంటలో ఆమెకు బిడ్డ జ్ఞానస్నానం వదులుకోలేనిదై, అతనికి అది ఒప్పుకోలేనిదైతే, ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు. ఆ సంగతి నోటీసు ఇవ్వకముందే తెలియడం ఇద్దరికీ మేలు. పొసిగితే, అనుకున్నవాటిని నాలుగు ముక్కల్లో రాసి ఇద్దరి దగ్గరా పెట్టుకోవాలి. బిడ్డ పుట్టినప్పుడు, పెద్దవాళ్లు వచ్చి తమతో ఉండిపోయేటప్పుడు మళ్లీ తీసి చూసుకోవాలి. అప్పుడు మనసు మారితే ‘ఆరోజు ఒప్పుకున్నావు కదా’ అని నిలదీయకుండా, ఏం మారిందో చెప్పే హక్కు ఇద్దరికీ ఉంటుందని కూడా ఆ కాగితంలోనే రాసుకోవాలి.